ఎన్నో నెల కాదు, ఎన్నో వారం

మన ఇళ్లలో కడుపును నెలల్లో లెక్కపెడతాం. "ఐదో నెల వచ్చింది" అంటే ఒకరికి నాలుగు నెలలు నిండాయని అర్థం, ఇంకొకరికి ఐదు నిండాయని అర్థం. సీమంతం ఎప్పుడు చేయాలో, పుట్టింటికి ఎప్పుడు పంపాలో తేల్చుకోవడానికి ఆ లెక్క సరిపోతుంది. గర్భంతో ఉన్న మనిషికి క్యాన్సర్ ఉందని తెలిసిన రోజు నుంచి మాత్రం అది సరిపోదు. అదే కీమో మందు 9వ వారంలో ఇస్తే బిడ్డకు అవయవ లోపం రావచ్చు. 20వ వారంలో ఇస్తే ఆ భయం చాలావరకు ఉండదు. 36వ వారంలో ఇస్తే తల్లికి రక్తకణాలు బాగా పడిపోయిన సమయంలోనే నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది. మందు, మనిషి, మోతాదు అన్నీ ఒకటే. మారింది వారం ఒక్కటే.

వెయ్యి గర్భాల్లో సుమారు ఒకదానిలో ఇలా క్యాన్సర్ బయటపడుతుందని అంచనా. ఎక్కువగా కనిపించే వాటిలో రొమ్ము క్యాన్సర్ ఒకటి. ఈ వ్యాసంలో దాని గురించే మాట్లాడుకుందాం. ఇంట్లో వాళ్లు డాక్టర్‌ని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "తల్లి కావాలా, బిడ్డ కావాలా అంటారా ఏంటి?" చాలా సందర్భాల్లో ఆ ప్రశ్నే రాదు. గర్భం తీసేసినంత మాత్రాన రొమ్ము క్యాన్సర్ తగ్గే అవకాశం పెరగదు. డాక్టర్లు ఆలోచించేది ఏ పరీక్ష, ఏ ఆపరేషన్, ఏ మందు ఏ వారంలో చేయాలని. ఒక ఉదాహరణ తీసుకుని ఆ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. మనిషి కల్పితమే కానీ చికిత్సలో ప్రతి అడుగూ నిజంగా జరిగే పద్ధతిలోనే ఉంటుంది.

ఆమెను గౌరి అనుకుందాం. 31 ఏళ్లు, మంగళగిరి. పెద్దపాపకు నాలుగేళ్లు, ఇది రెండో కాన్పు. 14వ వారంలో స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలింది. అత్తగారికి చెప్పింది. "పాలు పట్టే గడ్డలేనమ్మా, పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఉండేవి" అన్నారు ఆవిడ. ఆవిడ తప్పేం చెప్పలేదు. గర్భంలో రొమ్ము బరువెక్కుతుంది, గ్రంథులు పెరుగుతాయి, గడ్డలు తగులుతాయి. వాటిలో ఎక్కువ భాగం నిజంగానే ప్రమాదం లేనివి. అసలు చిక్కు కూడా అదే. గట్టిపడిన రొమ్ములో అసలు గడ్డ దాక్కుంటుంది. గర్భిణుల్లో ఈ క్యాన్సర్ తరచు ముదిరాక దొరకడానికి ఇది పెద్ద కారణం. నేను ప్రతి గర్భిణికీ చెప్పాలనుకునే మాట ఒక్కటే: రెండు వారాలు గడిచినా తగ్గని గడ్డ ఏదైనా సరే, పాలగడ్డ అనుకున్నా సరే, అల్ట్రాసౌండ్ చేయించాలి.

గౌరి 17వ వారంలో మామూలు చెకప్‌కి గుంటూరు కొత్తపేటలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు చివర్లో, లేవబోతూ ఆ సంగతి చెప్పింది.

"అప్పటికీ ఇప్పటికీ తగ్గిందామ్మా?"

"లేదండీ. కొంచెం పెరిగినట్టే ఉంది."

అదే రోజు అల్ట్రాసౌండ్ చేశారు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు కాబట్టి గర్భంలో ఏ వారంలోనైనా చేయొచ్చు. గడ్డ 3.2 సెంటీమీటర్లు ఉంది, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, చంకలో ఒక గ్రంథి కూడా ఉబ్బి కనిపించింది.

తర్వాత బయాప్సీ. చాలాచోట్ల సన్న సూదితో కొంచెం కణాలు లాగి చూసే పరీక్షే ముందు చేస్తారు. అది చవక, తొందరగా అయిపోతుంది. గర్భిణిలో మాత్రం దాన్ని నమ్ముకోవడం కష్టం. గర్భం వల్ల చకచకా పెరుగుతున్న మామూలు కణాలు కూడా మైక్రోస్కోపు కింద అనుమానంగా కనిపిస్తాయి. అందుకే లోకల్ మత్తు ఇచ్చి కాస్త లావు సూదితో సన్నటి కండముక్క తీసే బయాప్సీ కావాలి. ఆ మత్తు బిడ్డకు హాని చేయదు. ఇంకో చిన్న విషయం, ఇది చాలాసార్లు మర్చిపోతారు: ల్యాబ్‌కి పంపే కాగితం మీద "17 వారాల గర్భిణి" అని రాయాలి. అది లేకపోతే పాథాలజిస్టు మామూలు మార్పును క్యాన్సర్ అనుకునే వీలుంది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. కణాల మీద ఈస్ట్రోజన్ రిసెప్టర్, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్, హెర్-2 ప్రోటీన్ మూడూ లేని రకం, అంటే ట్రిపుల్ నెగెటివ్. చిన్న వయసులో, గర్భంలో వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఈ రకం తరచుగా కనిపిస్తుంది. చంకలోని గ్రంథిలో కూడా కణాలు ఉన్నాయి. ఆ రోజుకు గౌరి 18వ వారంలో ఉంది.

క్యాన్సర్ శరీరంలో ఇంకెక్కడికైనా పాకిందా అని ఇప్పుడు చూడాలి. గర్భం లేకపోతే సీటీ స్కానో, పెట్ స్కానో రాసేసేవారు. ఇంట్లో వాళ్లకు ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. గ్రహణం రోజున కడుపుతో ఉన్న పిల్లను గది దాటనివ్వని ఇళ్లు మనవి. ఎక్స్‌రే అనగానే గుండె జారిపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఈ భయానికి కొలత ఉంది, దాన్ని తెలుసుకోవడం మంచిది.

కడుపులో బిడ్డకు తగిలే రేడియేషన్‌ని మిల్లీగ్రేలలో కొలుస్తారు. ఏ స్కానూ చేయించుకోకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి వచ్చే సహజ రేడియేషన్ వల్ల తొమ్మిది నెలల్లో బిడ్డకు దాదాపు 1 మిల్లీగ్రే వరకు తగులుతుంది. అవయవ లోపాల ప్రమాదం 50 మిల్లీగ్రేల కంటే తక్కువలో కనబడలేదు. తల్లికి ఛాతీ ఎక్స్‌రే తీస్తే బిడ్డకు చేరేది ఎక్కువలో ఎక్కువ ఒక మిల్లీగ్రేలో నూరో వంతు. మామోగ్రామ్ కూడా అంతే. కిరణాలు పడే చోటు రొమ్ము, బిడ్డ ఉండేది దూరంగా కింద. కడుపు మీద సీసం ఆప్రాన్ కప్పుతారు. నిజానికి బిడ్డకు చేరే ఆ కొంచెం కూడా ఎక్కువగా తల్లి శరీరం లోపలి నుంచి చెదిరి వచ్చేదే, కాబట్టి ఆ ఆప్రాన్ వల్ల లాభం తక్కువ. అయినా అమ్మ మనసుకు ధైర్యం వస్తుంది కాబట్టి కప్పడమే మంచిదని నా అభిప్రాయం.

లెక్క ఎక్కడ మారుతుందంటే, కిరణాలు కడుపు మీద పడినప్పుడు. పొత్తికడుపు సీటీలో బిడ్డకు 10 నుంచి 50 మిల్లీగ్రేల వరకు తగలొచ్చు. పెట్ సీటీలో కూడా దాదాపు అంతే. అందుకే గర్భంలో వాటిని పక్కన పెడతారు. గౌరికి బదులుగా ఛాతీ ఎక్స్‌రే, కాలేయానికి అల్ట్రాసౌండ్, ఎముకలకు ఎమ్మారై చేశారు. ఎమ్మారైలో రేడియేషన్ లేదు. అయితే అందులో బొమ్మ స్పష్టంగా రావడానికి నరం ద్వారా ఎక్కించే గడోలినియం మందు మావిని దాటి బిడ్డలోకి వెళ్తుంది, ఉమ్మనీటిలో నిలిచి మళ్లీ బిడ్డ మింగుతుంది. అందుకని ఆ మందు లేకుండానే ఎమ్మారై తీయమని రాయాలి. చీటీలో ఉత్తినే "ఎమ్మారై" అని ఉంటే, స్కాన్ సెంటర్ వాళ్లు అలవాటుగా మందు ఎక్కించే వీలుంది. టేబుల్ ఎక్కే ముందు కూడా "నేను గర్భిణిని, కాంట్రాస్ట్ వద్దన్నారు" అని తల్లే ఒకసారి చెప్పడం మంచిది.

రక్తపరీక్షల్లోనూ ఒక మోసం ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరిగితే మామూలుగా ఎముకలకో కాలేయానికో క్యాన్సర్ పాకిందని అనుమానిస్తారు. గర్భంలో ఆ ఎంజైమును మావే తయారు చేస్తుంది కాబట్టి ఎలాగూ పెరుగుతుంది. క్యాన్సర్ మార్కర్లుగా చూసే కొన్ని పరీక్షలు కూడా అంతే. ఆ ఒక్క అంకె చూసి ఎవరైనా బెంబేలెత్తిస్తే, గర్భం సంగతి గుర్తు చేయాలి.

గౌరికి వేరే ఎక్కడా లేదని తేలింది. అప్పటికి 19 వారాలు. ఇప్పుడు ఆపరేషన్ ముందా, కీమో ముందా?

ఇదే గడ్డ 8వ వారంలో దొరికి ఉంటే సమాధానం వేరేగా ఉండేది. గర్భం మొదటి మూడు నెలల్లో బిడ్డకు గుండె, చేతులు, కాళ్లు, పెదవి, వెన్ను ఏర్పడుతుంటాయి. పెరుగుతున్న కణాలను చంపడమే కీమో పని. ఆ రోజుల్లో కీమో ఇస్తే నూటికి 10 నుంచి 20 మంది బిడ్డల్లో అవయవ లోపాలు కనిపించాయి. కాబట్టి అప్పుడు ముందు ఆపరేషన్ చేసి, 14వ వారం దాటాక కీమో మొదలుపెట్టేవారు. 12 దాటితే చాలు కదా అని అడగొచ్చు. తేదీ లెక్కలో పొరపాటు ఉంటుందేమోనని రెండు వారాలు అదనంగా ఆగుతారు. నెలసరి క్రమంగా రానివారిలో చివరి నెలసరి తేదీని బట్టి కట్టిన లెక్క రెండు మూడు వారాలు తేడా రావచ్చు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో బిడ్డ పొడవు కొలిచి చెప్పిన వారమే నమ్మదగినది. ఆ పాత స్కాన్ కాగితం బీరువాలో ఎక్కడో పడేయకుండా ఫైల్లోనే ఉంచుకోవాలి. తర్వాత నిర్ణయాలన్నీ దాని మీదే నిలబడతాయి.

ఆపరేషన్ గురించి కూడా భయం ఉంది, "మత్తు బిడ్డకు ఎక్కుతుందేమో" అని. మత్తుమందులు మావిని దాటుతాయి, బిడ్డ కూడా కాసేపు నిద్రపోతుంది. వాటి వల్ల అవయవ లోపాలు వచ్చినట్టు కనబడలేదు. బిడ్డకు నిజంగా హాని చేసేది వేరే: ఆపరేషన్‌లో తల్లికి బీపీ పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం. 20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి వెనకనున్న పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గుతుంది, బీపీ పడుతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. అందుకని టేబుల్‌ని ఎడమవైపుకి సుమారు 15 డిగ్రీలు వంచుతారు, లేదా కుడి నడుము కింద ఒక దిండు పెడతారు. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారు. గర్భంలో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ, క్యాన్సర్‌లోనూ ఎక్కువ, ఆపరేషన్ తర్వాత మంచం మీద ఉంటే ఇంకా ఎక్కువ. మూడూ కలిసినప్పుడు కాళ్లలో గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి మావిని దాటవు.

చంకలోకి క్యాన్సర్ పాకిందో లేదో తేల్చడానికి, పాకితే ముందుగా చేరే గ్రంథిని వెతికే పద్ధతిలో కూడా ఒక మార్పు ఉంటుంది. మామూలుగా నీలిరంగు మందు ఎక్కించి వెతుకుతారు. దానికి కొందరిలో తీవ్రమైన అలర్జీ వచ్చి బీపీ కుప్పకూలుతుంది, కాబట్టి గర్భిణికి వాడరు. బదులుగా టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని అతి తక్కువ మోతాదులో వాడతారు. అది రొమ్ములోనే చాలావరకు నిలిచిపోతుంది, బిడ్డకు తగిలేది చాలా తక్కువ.

గడ్డ ఒక్కటే తీసి రొమ్మును ఉంచాలా, రొమ్ము మొత్తం తీయాలా అన్నది కూడా వారం మీదే ఆధారపడుతుంది. గడ్డ మాత్రమే తీస్తే తర్వాత రేడియేషన్ చికిత్స తప్పనిసరి, దాన్ని సాధారణంగా కాన్పు అయ్యాకే ఇస్తారు. 8వ వారంలో ఆపరేషన్ జరిగి, కీమో అవసరం లేని క్యాన్సర్ అయితే రేడియేషన్ కోసం 7 నెలలు ఆగాల్సి వస్తుంది, అది మంచిది కాదు. గౌరిలాగా కీమో ఎలాగూ కావాల్సిన వాళ్లకు ఆ నెలలు కీమోతోనే గడిచిపోతాయి.

గౌరికి గడ్డ పెద్దది, చంకకు చేరింది, రకం చురుకైనది. అందుకే కీమో ముందు, ఆపరేషన్ కాన్పు తర్వాత అని నిర్ణయించారు. కీమోకి గడ్డ కరుగుతోందో లేదో మధ్యమధ్యలో అల్ట్రాసౌండ్‌లో కొలిచి చూడొచ్చు, అది ఈ వరసలో ఉన్న ఒక సౌలభ్యం. డాక్టర్లు ఒక తెల్లకాగితం మీద వారాలు రాశారు. మొదటి మందుల జత, డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్: 20, 23, 26, 29 వారాల్లో. తర్వాత పాక్లిటాక్సెల్ వారానికి ఒకటి చొప్పున: 32, 33, 34. అక్కడితో ఆపు. కాన్పు 37 నిండాక. మిగిలిన 9 పాక్లిటాక్సెల్ డోసులు కాన్పు తర్వాత.

ఆ కాగితం ఎందుకు అలా ఉందో ఒక్కొక్కటిగా చూద్దాం.

20వ వారానికి బిడ్డ అవయవాలన్నీ ఏర్పడిపోయాయి, ఇక మిగిలింది పెరగడం. 14వ వారం తర్వాత కీమో తీసుకున్న తల్లుల బిడ్డల్లో అవయవ లోపాలు మామూలు గర్భాల్లో కనిపించేంతే, నూటికి సుమారు 3. మావి కూడా కొంత కాపలా కాస్తుంది. కొన్ని మందులను తన గోడలోని పంపులతో వెనక్కి తోసేస్తుంది. బబూన్ కోతుల మీద చేసిన పరిశోధనలో తల్లి రక్తంలో ఉన్న డాక్సోరూబిసిన్‌లో బిడ్డ రక్తానికి చేరింది నూటికి 7, 8 వంతులే. పాక్లిటాక్సెల్ ఇంకా తక్కువ. కార్బోప్లాటిన్ మాత్రం సగానికి పైగా చేరింది. ట్రిపుల్ నెగెటివ్ క్యాన్సర్‌కి కార్బోప్లాటిన్ కూడా వాడతారు. గౌరికి దాన్ని కాన్పు తర్వాతకు వాయిదా వేయడానికి ఇది ఒక కారణం.

మోతాదు తగ్గించరు. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది, "కడుపులో బిడ్డ ఉంది కదా, సగం ఇవ్వొచ్చుగా?" అని. గర్భంలో రక్తం పరిమాణం పెరుగుతుంది, మూత్రపిండాలు వేగంగా పనిచేస్తాయి, కాబట్టి అదే మోతాదు ఇచ్చినా తల్లి రక్తంలో మందు గాఢత ఇంకా తక్కువగానే ఉంటుంది. సగం ఇస్తే క్యాన్సర్ లొంగదు, బిడ్డకు ప్రమాదం మాత్రం సగం కాదు. శరీర వైశాల్యం ప్రకారం లెక్క కడతారు, అదీ ఆ రోజు తూకం చూసి. గౌరి ఎత్తు 155 సెంటీమీటర్లు. 20వ వారంలో 58 కిలోలు ఉన్నప్పుడు వైశాల్యం 1.58 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున డాక్సోరూబిసిన్ 95 మిల్లీగ్రాములు. 29వ వారానికి 62 కిలోలు అయ్యింది, మందు 98 మిల్లీగ్రాములు. గర్భానికి ముందు బరువుతో లెక్కేస్తే మందు తగ్గిపోతుంది, అందుకే ప్రతిసారీ తూకం చూస్తారు.

వాంతులు రాకుండా ఇచ్చే మందుల దగ్గర ఒక మార్పు ఉంది. కీమోతో పాటు అలవాటుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది మావిని దాటి బిడ్డకు చేరుతుంది. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తుల కోసం దాన్ని ఒకటి రెండు రోజులు ఇవ్వడం వేరు, కీమో వచ్చినప్పుడల్లా ఇవ్వడం వేరు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్‌ని మావిలోని ఒక ఎంజైము చాలావరకు పనిచేయకుండా చేసేస్తుంది. అందుకని దాని కుటుంబానికి చెందిన మందులే వాడతారు.

గర్భంలో అసలే ఇవ్వకూడనివి కూడా ఉన్నాయి. హెర్-2 ఉన్న రకానికి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ వల్ల ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఉమ్మనీరు లేకపోతే బిడ్డ ఊపిరితిత్తులు ఎదగవు. హార్మోన్ రకానికి ఇచ్చే టామొక్సిఫెన్ వల్ల బిడ్డలో లోపాలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ట్రిపుల్ నెగెటివ్‌కి ఇప్పుడు వచ్చిన, శరీర రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి పంపే ఇమ్యునోథెరపీని కూడా కాన్పు దాకా ఆపుతారు, ఎందుకంటే తల్లి శరీరం బిడ్డను పరాయిగా చూడకుండా కాపాడే ఏర్పాటు మీదే ఆ మందు పనిచేస్తుంది.

ఇక ఆ కాగితం మీద 34 దగ్గర ఎందుకు ఆగింది? కీమో ఇచ్చాక 10 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అట్టడుగుకు పడిపోతాయి, మూడు వారాలకు కోలుకుంటాయి. ఆ పడిపోయిన రోజుల్లో నొప్పులు వస్తే తల్లికి ఇన్ఫెక్షన్, రక్తస్రావం ప్రమాదం. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇవ్వలేరు. బిడ్డకు కూడా కణాలు తక్కువగా ఉండొచ్చు. పైగా కడుపులో ఉన్నంతసేపూ బిడ్డ రక్తం నుంచి మందును తీసేసే పని మావి చేస్తుంది. బొడ్డుతాడు కోశాక ఆ పని బిడ్డ లేత కాలేయం, మూత్రపిండాలే చేయాలి. అందుకని చివరి కీమోకీ కాన్పుకీ మధ్య మూడు వారాలు ఉండాలి, 35వ వారం దాటాక ఇవ్వకూడదు అనేది పద్ధతి.

కీమో నడిచిన ఆ 14 వారాలూ గౌరి ఇంట్లో పాటించిన కఠినమైన నియమం ఒకటే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోవడం కాదు, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లకణాలు లేని సమయంలో వచ్చిన జ్వరం గంటల్లో ముదురుతుంది. ఎండాకాలంలో మన దగ్గర "వేడి చేసింది" అని మజ్జిగ తాగించి ఊరుకునే అలవాటు ఉంది. కీమో తీసుకుంటున్న మనిషి విషయంలో ఆ అలవాటు పనికిరాదు. 26వ వారం డోసు తర్వాత 11వ రోజు రాత్రి గౌరికి 101 వచ్చింది. భర్త కారులో గుంటూరు తీసుకొచ్చాడు. తెల్లకణాలు బాగా తక్కువగా ఉన్నాయి. ఆ రాత్రే యాంటీబయాటిక్ ఎక్కించారు, నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్లింది. ఆ డోసు తర్వాత నుంచి తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు.

బిడ్డను మూడు నాలుగు వారాలకోసారి స్కాన్ చేశారు. కీమో తీసుకున్న తల్లుల బిడ్డల్లో బరువు తక్కువగా ఉండడం కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. అందుకని పొట్ట చుట్టుకొలత, ఉమ్మనీరు, బొడ్డుతాడులో రక్తం పోయే తీరు చూస్తారు. డాక్సోరూబిసిన్ గుండె మీద భారం వేస్తుంది కాబట్టి తల్లికి ముందుగా గుండె ఎకో తీస్తారు.

30వ వారంలో గౌరి పెదనాన్న ఒకాయన అడిగారు: "ఇంత కష్టం ఎందుకు డాక్టరు గారూ, ఇప్పుడే బిడ్డను తీసేసి ఐసీయూలో పెట్టి, అమ్మకు గట్టిగా చికిత్స చేయొచ్చుగా?" ప్రేమతో అడిగిన మాటే, కానీ ఈ మొత్తంలో జరిగే పెద్ద పొరపాటు అదే. బెల్జియంలోని లూవెన్‌కి చెందిన డాక్టర్ ఫ్రెడరిక్ అమాంట్ బృందం 2015లో ఒక పరిశోధన ప్రచురించింది. తల్లులకు గర్భంలో క్యాన్సర్ వచ్చిన 129 మంది పిల్లలను, అలాంటి సమస్య లేని అదే వయసు పిల్లలతో పోల్చారు. 129 మందిలో 96 మంది కడుపులో ఉండగా కీమో తగిలినవాళ్లు. తెలివిలోనూ, గుండె పనితీరులోనూ, ఎదుగుదలలోనూ రెండు గుంపుల మధ్య తేడా కనబడలేదు. తేడా కనబడింది నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, అదీ రెండు గుంపుల్లోనూ. కడుపులో గడిపిన ప్రతి అదనపు వారానికీ బిడ్డ మానసిక ఎదుగుదల స్కోరు సుమారు 3 పాయింట్లు పెరిగింది. 30వ వారంలో బిడ్డను బయటకు తీస్తే కీమో నుంచి కాపాడినట్టు అనిపిస్తుంది, కానీ బిడ్డ నుంచి 7 వారాలు లాక్కున్నట్టవుతుంది. క్యాన్సర్ 34వ వారంలో దొరికి ఉంటే మాత్రం లెక్క మారేది. అప్పుడు మూడు వారాలు ఆగి, 37లో కాన్పు చేసి, తర్వాత కీమో మొదలుపెట్టడమే మేలు.

ఇన్ని చేతులు కలవాలంటే ప్రసూతి డాక్టర్, క్యాన్సర్ డాక్టర్, పిల్లల డాక్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగే చోటు కావాలి. గుంటూరు జనరల్ ఆసుపత్రి ఆవరణలోనే నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉండడం ఇందుకు సాయపడుతుంది. ప్రైవేటులో అయితే కాన్పు ఒకచోట, కీమో విజయవాడ సూర్యారావుపేటలో ఇంకోచోట అయినప్పుడు, వారాలు రాసిన ఆ తెల్లకాగితం జిరాక్స్ ప్రతి డాక్టర్ ఫైల్లోనూ ఉండాలి. క్యాన్సర్ చికిత్సకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం వర్తిస్తుంది కానీ ముందుగా అనుమతి రావాలి. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే ఆ కాగితాలు పెట్టుకుంటే కీమో తేదీ జారిపోదు.

32వ వారానికి గడ్డ 3.2 నుంచి 1.4 సెంటీమీటర్లకు తగ్గింది. 38వ వారంలో నొప్పులు వచ్చాయి, మామూలు కాన్పే అయ్యింది. క్యాన్సర్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు, పైగా మామూలు కాన్పు అయితే తల్లి త్వరగా లేచి కీమోకి సిద్ధమవుతుంది. మగపిల్లాడు, 2.6 కిలోలు. బిడ్డ రక్తకణాలు పరీక్ష చేశారు, బాగున్నాయి. మావిని పారేయకుండా ల్యాబ్‌కి పంపారు. మావిలోకి క్యాన్సర్ కణాలు చేరడం చాలా అరుదు, అయినా చూడడం పద్ధతి. ఏమీ లేవు.

పాలు పట్టే విషయం గౌరికి అన్నిటికన్నా కష్టమైంది. కీమో మందులు పాలలోకి వస్తాయి కాబట్టి మళ్లీ మందు మొదలయ్యాక బిడ్డకు పట్టకూడదు. పాలు ఆగడానికి మాత్ర ఇచ్చారు. మంగళగిరి నుంచి అత్తగారు మల్లెపూల దండలు తెచ్చి, తన అమ్మ చేసినట్టే రొమ్ముకు కట్టారు. "పెద్దపిల్లకి ఏడాదిన్నర ఇచ్చాను అత్తయ్యా, వీడికి పది రోజులు కూడా లేవు" అంది గౌరి. ఆవిడ ఏమీ అనలేదు, పక్కన కూర్చుని పిల్లాడికి ఉగ్గుగిన్నెతో డబ్బాపాలు పట్టారు.

కాన్పు అయిన 20వ రోజున నాలుగో పాక్లిటాక్సెల్, దాంతోపాటు ఇన్నాళ్లూ ఆపి ఉంచిన కార్బోప్లాటిన్ మొదలైంది. 9 డోసులు అయ్యాక ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్. ఇక లెక్క వారాల్లో అక్కర్లేదు. పిల్లాడికి ఎన్నో నెల అని ఎవరైనా అడిగితే నెలల్లోనే చెబుతున్నారు.